డెమోలో చిటికెడు ఉప్పు

వారం మధ్యలో, భోజనాలయ్యాక, పిల్లలు బడి నుంచి ఇంకా రాని వేళ చూసి పెడతారు ఈ డెమోలు. అపార్ట్‌మెంటు సెల్లారులోనో, కాలనీలో ఎవరో ఒకరి హాల్లోనో పది పదిహేను మంది ఆడవాళ్లు చేరతారు. బ్యాగుతో వచ్చిన అబ్బాయి కొత్త వాటర్ ప్యూరిఫయర్ గురించి మొదట ఒక్క ముక్క కూడా చెప్పడు. "అక్కా, మీరు రోజూ తాగే నీళ్లే ఒక గ్లాసు తెప్పించండి" అంటాడు. అతనికి నేర్పిన స్క్రిప్టులో మిషను కన్నా ముందు అమ్మాల్సింది అనుమానం. మన నీళ్ల మీద మనకు అనుమానం పుడితే మిగతా మాటలు తేలిగ్గా సాగుతాయి.

కంపెనీలు వేరైనా ఈ స్క్రిప్టు వరస చాలాచోట్ల ఒక్కటే. ముందు మీటరు, తర్వాత కడ్డీలు, ఆ పైన రుచి, చివర్లో "ఈ రోజు బుక్ చేస్తేనే" అనే ఆఫరు. వీటిలో మొదటి రెండింటి గుట్టు తెలిస్తే చాలు, డెమోలో ఏది నిజమో ఏది హంగో తేలిపోతుంది.

మొదటిది టీడీఎస్ మీటరు. పెన్నులా ఉంటుంది, గ్లాసులో ముంచగానే అంకె చూపిస్తుంది. "చూడండి ఆంటీ, మీ నీళ్లు 280. మా మిషను నీళ్లు 30" అంటాడతను. రెండు అంకెలూ నిజమే కావచ్చు. కానీ ఆ మీటరు కొలిచేది మురికిని కాదు. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్నిబట్టి లీటరులో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో అంచనా కడుతుంది. ఆ లవణాల్లో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం, సోడియం లాంటివే. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఈ అంకె 500 దాకా ఉండొచ్చు. వేరే నీటి దిక్కు లేనిచోట 2000 దాకా కూడా అనుమతి ఉంది. కాబట్టి 280 అంటే భయపడాల్సింది ఏమీ లేదు.

అసలు భయపడాల్సిన వాటిని ఈ మీటరు చూడలేదు. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు నీళ్లలో ఉన్నా అంకె కదలదు. నల్లా పైపు పగిలి డ్రైనేజీ కాస్త కలిసినా అంకె పెద్దగా మారకపోవచ్చు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. కానీ వందల్లో ఉండే మొత్తం అంకెలో ఆ ఒకటిన్నర ఏ మూలో దాగిపోతుంది.

రెండోది అందరినీ కట్టిపడేసే ఘట్టం. రెండు గ్లాసులు పక్కపక్కన పెడతాడు. ఒకదాంట్లో మీ నల్లా నీళ్లు, రెండోదాంట్లో మిషను నీళ్లు. ఒక చిన్న పెట్టె నుంచి వేలాడే కడ్డీలు ఒక్కో గ్లాసులో రెండేసి దించి ప్లగ్గు పెడతాడు. చూస్తుండగానే నల్లా నీళ్లు పచ్చగా మారి, ఎర్రబడి, తెట్టు కట్టి అడుగున మడ్డి దిగుతుంది. మిషను నీళ్లు మాత్రం దాదాపు తేటగానే ఉంటాయి. "ఇదంతా రోజూ పిల్లల కడుపులోకి పోతోంది అక్కా" అనగానే హాలంతా నిశ్శబ్దం.

ఆ ఎరుపు నీళ్లలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. సాధారణంగా ఆ జతలో ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది. పారుతున్న కొద్దీ ఇనప కడ్డీ కొద్దికొద్దిగా కరిగి, నీళ్లతో కలిసి తుప్పుగా మారుతుంది. మిషను నీళ్లలో లవణాలు తీసేశారు కనుక కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు, రంగు రాదు. అంటే ఈ ఆర్భాటమంతా మీటరు ముందే చెప్పిన అంకెను రంగులో మళ్లీ చూపించడమే. తాగడానికి పనికొచ్చే మంచి నీళ్లయినా ఈ కడ్డీల కింద ఎర్రబడతాయి.

దీన్ని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. ప్లగ్గు తీయించి, కడ్డీలు కడిగించి, తేటగా ఉన్న మిషను నీళ్లలోనే చిటికెడు వంటింటి ఉప్పు కలపమనండి. మళ్లీ కరెంటు ఇస్తే ఆ స్వచ్ఛమైన నీళ్లు కూడా ఎర్రబడతాయి. మనం రోజూ కూరలో వేసుకునే ఉప్పు విషం కాదు కదా! అయితే ఆ కడ్డీలను, గ్లాసును మీరు ముట్టుకోకండి. అందులో పారేది ఇంటి కరెంటు.

అంతమాత్రాన ఆర్వో మిషను దండగ అనలేం. ఏ నీళ్లకు ఏ మిషను అన్నదే ప్రశ్న. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను ఎంత మరిగించినా ఫ్లోరైడ్ పోదు. అక్కడ ఆర్వో నిజంగా అక్కరకొస్తుంది. గిన్నె అడుగున తెల్లటి పొలుసు కట్టి, పప్పు ఉడకని ఉప్పు బోర్లకూ అంతే. నది నుంచి వచ్చే మున్సిపాలిటీ నీళ్లలో మాత్రం సాధారణంగా లవణాల సమస్య ఉండదు, దారిలో కలిసే క్రిములదే భయం. దానికి యూవీ దీపం ఉన్న మిషనో, సన్నటి పొరతో వడకట్టే యూఎఫ్ మిషనో చాలు. నీళ్లు తెర్లేలా మరిగించి ఒక నిమిషం ఉంచినా క్రిములు చస్తాయి.

ఒక ఇంటి లెక్క చూద్దాం. నల్లా నీళ్లు 280 ఉన్న నలుగురి ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 15 లీటర్లు కావాలనుకుందాం. ఇళ్లలో వాడే చాలా ఆర్వో మిషన్లు ఒక లీటరు ఇచ్చి సుమారు మూడు లీటర్లు బయటికి వదులుతాయి. అంటే రోజుకు 45 లీటర్లు, నెలకు 1,350 లీటర్లు డ్రైనేజీ పాలు. అవసరమే లేని ఇంట్లో అది ఊరికే పోతుంది. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా ఇందుకే.

అదే ఇంట్లో 900 ఉన్న బోరు ఉంటే ఆర్వో సబబే. అప్పుడు ఆ మీటరు మీకు బాగా పనికొస్తుంది. కొత్తలో మిషను నీళ్లు 80 చూపించి, కొన్నాళ్లకు 300కు ఎక్కితే లోపలి మెంబ్రేన్ అరిగిపోయినట్టే. సర్వీసు అబ్బాయి వచ్చి ఏదో మార్చానన్నప్పుడు ముందూ వెనకా అంకె చూపించమని అడగండి. ఇంకో సంగతి, "మినరల్స్ కలుపుతాం" అంటూ చూపించే టీడీఎస్ కంట్రోలర్ చాలా మిషన్లలో ఒక వాల్వు మాత్రమే. ఆర్వో పొర దాటని నీళ్లను కొంచెం మళ్లీ కలుపుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో ఆ వాల్వు తెరిస్తే ఫ్లోరైడ్ కూడా కొంత తిరిగి వచ్చేస్తుంది.

అందుకే డెమోకు కూర్చునే ముందే మీ నీళ్లను జిల్లా నీటి పరీక్షల ల్యాబులో ఇచ్చి ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం, క్రిములు చూడమనండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని అబ్బాయిని మూడే అడగండి: మా నీళ్లలో ఉన్న ఈ లోపాన్ని మీ మిషనులో ఏ భాగం తీస్తుంది? లీటరుకు ఎన్ని నీళ్లు వదిలేస్తుంది? ఫిల్టర్లకు, మెంబ్రేన్‌కు ఏడాదికి ఎంత ఖర్చవుతుంది? వీటికి సూటిగా జవాబు చెప్పినవాడి దగ్గర కొనొచ్చు. కడ్డీలు మాత్రమే చూపించినవాడికి మంచినీళ్లిచ్చి పంపించండి.