క్రాష్ కోర్సు కరపత్రంలో ఉండాల్సిన అంకెలు

ఇంటర్ రెండో ఏడాది ఆఖరి పరీక్ష రాసి పిల్లలు గేటు దాటేలోపే చేతిలో నాలుగైదు కరపత్రాలు పడతాయి. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా ఆ కాగితాలు మాత్రం మారలేదు. పైన ర్యాంకులొచ్చినవాళ్ల ఫొటోలు, మధ్యలో ‘40 రోజుల్లో పూర్తి సిలబస్’, కింద ‘పరిమిత సీట్లు, బ్యాచ్‌కు 40 మంది మాత్రమే’. పరీక్షకు మిగిలింది ఆరేడు వారాలు. తల్లిదండ్రులు రెండు మూడు రోజుల్లోనే ఎక్కడో ఒకచోట డబ్బు కట్టేస్తారు. వాళ్ల నిర్ణయమంతా ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడుతుంది కాబట్టి, అందులో ఏం రాయాలో, ఎలా రాయాలో వివరంగా మాట్లాడుకోవాలి.

ముందుగా ర్యాంకుల సంగతి. ఒక సంస్థను ఊహించుకుందాం. అంకెలు కల్పితమే గానీ పద్ధతి మాత్రం రోజూ చూస్తున్నదే. ‘మా విద్యార్థులకు 5 వేలలోపు 31 ర్యాంకులు’ అని దాని ఫ్లెక్సీ. ఆ 31 మంది పేర్లను రిజిస్టర్‌తో సరిచూస్తే 17 మంది అదే యాజమాన్యం నడిపే కాలేజీలో రెండేళ్లూ ఇంటర్ చదివినవాళ్లు. 8 మంది క్లాసులకే రాలేదు, గ్రాండ్ టెస్టుల సిరీస్ మాత్రం కొనుక్కున్నారు. క్రాష్ కోర్సులో కూర్చున్నది మిగిలిన ఆరుగురే. ఆ కోర్సులో మొత్తం చేరినవాళ్లు 126 మంది. అంటే వందకు ఐదుగురు కూడా కాదు. 31 అన్న అంకెలో అబద్ధం లేదు. కానీ క్రాష్ కోర్సులో చేరబోయే పిల్లవాడికి దానితో సంబంధం లేదు. అతనికి కావాల్సింది ‘126లో 6’ అన్న మాట.

ఇది ఊహ మాత్రమే కాదు. 2022 సివిల్స్‌లో ఎంపికైన 933 మందిలో 617 మంది తమవాళ్లేనని ఢిల్లీలోని ఒక కోచింగ్ సంస్థ ప్రకటించుకుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) ఆరా తీస్తే ఆ 617 మందీ ఇంటర్వ్యూ గైడెన్స్ కార్యక్రమంలో చేరినవాళ్లని తేలింది. ప్రిలిమ్స్, మెయిన్స్ గట్టెక్కాకే ఇంటర్వ్యూ వస్తుందని అభ్యర్థులకు తెలుసు. ప్రకటన చూసి లక్షలు కట్టే కుటుంబానికి మాత్రం ఆ తేడా కనిపించదు. ఇలాంటి కేసులు వరుసగా వచ్చాకే సీసీపీఏ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు జారీ చేసింది. 50 మందికి మించి బోధించే ప్రతి సంస్థకూ అవి వర్తిస్తాయి. ఫొటో వేస్తే ఆ విద్యార్థి ర్యాంకుతో పాటు ఏ కోర్సులో చేరాడో, ఎన్నాళ్లు చదివాడో, దానికి ఫీజు కట్టాడో లేదో కూడా రాయాలి. విద్యార్థి రాతపూర్వక అనుమతి కావాలి, అది కూడా ఫలితం వచ్చాకే తీసుకోవాలి. చేరేటప్పుడే అడ్మిషన్ ఫారంలో సంతకం చేయించుకుంటే చెల్లదు. షరతులను అడుగున చీమల బారులా అచ్చువేయకూడదు, గొప్పలు ఏ సైజు అక్షరాల్లో ఉన్నాయో అవీ అదే సైజులో ఉండాలి. ‘ర్యాంకు గ్యారంటీ’ అనడానికి వీల్లేదు. సీట్లు ఖాళీగా ఉండగా ‘ఈరోజే ఆఖరు’ అని తొందరపెట్టడానికీ వీల్లేదు.

అయితే చట్టం ఇంతవరకే తీసుకెళుతుంది. నిజాయతీగా ఫలితం చెప్పాలనుకునే సంస్థ ఇంకొంత దూరం వెళ్లాలి. ఎందుకంటే క్రాష్ కోర్సు ప్రభావాన్ని ర్యాంకుతో కొలవడమే కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ర్యాంకును 75 శాతం పరీక్ష మార్కులతో, 25 శాతం ఇంటర్ మార్కులతో కలిపి లెక్కిస్తారు. క్రాష్ కోర్సు మొదలయ్యేసరికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ఆ పావు భాగంలో దానికి ఏ పాత్రా లేదు. తెలంగాణలో ఇంటర్ వెయిటేజీ తీసేశారు కాబట్టి రెండు రాష్ట్రాల ర్యాంకులనూ ఒకే ఫ్లెక్సీ మీద కలిపి లెక్కపెట్టడమూ తప్పే. చెప్పదగ్గది మార్కుల తేడా. కోర్సు మొదటి రోజు పిల్లలకు ఎన్ని వచ్చాయి, అసలు పరీక్షలో ఎన్ని వచ్చాయి?

ఇందులోనూ జాగ్రత్త అవసరం. పరీక్షలో 160 ప్రశ్నలు, 3 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. మొదటి రోజు టెస్టులో సాధారణ విద్యార్థి టైము చాలక 50 ప్రశ్నలు వదిలేసి 48 మార్కులు తెచ్చుకున్నాడనుకుందాం. ‘ఏదీ వదలొద్దురా, చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ పెట్టేయ్’ అని సారు చెబుతారు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి నొక్కినా 50కి సగటున 12 మార్కులు వస్తాయి. కోర్సు అయ్యాక 61 వచ్చాయంటే, పెరిగిన 13లో దాదాపు అంతా ఈ ఒక్క సలహా వల్లే కావచ్చు. సలహా విలువైనదే, ర్యాంకులో అది వేల స్థానాలు కదిలిస్తుంది. కానీ దాన్ని 40 రోజుల పాఠం ఫలితంగా చూపించకూడదు. అందుకే మొదటి రోజు టెస్టుకు ముందే పిల్లలందరికీ ‘ఏదీ వదలొద్దు’ అని చెప్పి, పాత సంవత్సరపు అసలు పేపరునే ఇవ్వాలి. సంస్థ కావాలని కఠినమైన పేపరు పెడితే ఆఖర్లో ఎవరికైనా మార్కులు పెరిగినట్టే కనిపిస్తాయి.

చేరి మధ్యలో మానేసినవాళ్లను, ఫలితం చెప్పనివాళ్లను ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. మన ఊహా సంస్థలో 126 మందిలో 14 మంది మధ్యలో ఆగిపోయారు, 112 మంది పరీక్ష రాశారు, 97 మంది ర్యాంకు కార్డు తెచ్చి చూపించారు. మిగిలిన 15 మంది ఫోన్ ఎత్తలేదు. మంచి ర్యాంకు వచ్చినవాడు స్వీట్లతో వస్తాడు, రానివాడు ఆ వీధిలోకే రాడు. కాబట్టి 97 మంది సగటు ఎప్పుడూ అసలు కంటే కాస్త మెరుగ్గానే కనిపిస్తుంది. ప్రకటనలో నాలుగు అంకెలూ పక్కపక్కనే ఉండాలి: చేరినవారు, నిలిచినవారు, రాసినవారు, చెప్పినవారు.

ఇక బ్యాచ్ సైజు. నా ఉద్దేశంలో తల్లిదండ్రులు ర్యాంకుల కంటే ఎక్కువగా గుచ్చి గుచ్చి అడగాల్సింది ఇదే. ‘బ్యాచ్‌కు 42’ అన్న మాట మొదటి వారంలో నిజమే కావచ్చు. రెండో వారం నుంచి ఏమవుతుందో సంస్థలో ఉన్న సార్ల సంఖ్యే చెప్పేస్తుంది. మూడు బ్యాచ్‌లకు ఒక్కరే ఫిజిక్స్ సారు అనుకోండి. ఒక్కో బ్యాచ్‌కు రోజూ గంటన్నర క్లాసు పడితే ఆయన నాలుగున్నర గంటలు నిలబడి చెప్పాలి, ఆపైన ఒక్కో బ్యాచ్‌కు గంట చొప్పున డౌట్స్. అదే సారు మధ్యాహ్నం ఇంకో బ్రాంచిలోనూ ఉంటే కుదరదు. అప్పుడు రెండు బ్యాచ్‌లను ‘ఈ ఒక్క చాప్టర్‌కే’ అంటూ పెద్ద హాల్లోకి మారుస్తారు, మళ్లీ విడదీయరు. 42 మంది ఉంటే డౌట్స్ గంటలో ఒక్కొక్కరికి నిమిషంన్నర కూడా రాదు. 84 మంది అయితే 43 సెకన్లు. ఇంటిగ్రేషన్‌లో ఒక స్టెప్పు అడగడానికే ఆ సమయం చాలదు.

దీన్ని ముందే పసిగట్టే మార్గాలున్నాయి. సబ్జెక్టుకు ఎంతమంది సార్లున్నారో, ఎన్ని బ్యాచ్‌లున్నాయో అడిగి, అన్ని బ్యాచ్‌ల టైంటేబుళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే గంటలో ఒకే పేరు రెండు గదుల్లో కనిపిస్తే విషయం అర్థమవుతుంది. డెమో క్లాసుకు మొదటి రోజు కాకుండా, అప్పటికే నడుస్తున్న బ్యాచ్ రెండో వారంలో వెళ్లి కూర్చోండి. గదిని కళ్లతో కొలవండి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకిచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలి. 22 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవున్న గది 49 చదరపు మీటర్లు వస్తుంది. అక్కడ 42 మంది సరిపోతారు, 70 మంది సరిపోరు. బ్యాచ్‌లో ఎందరో ముందే ప్రకటించాలని, కోర్సు నడుస్తుండగా ఆ సంఖ్య పెంచకూడదని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. వాటి అమలు రాష్ట్రాల చేతిలో ఉంది కాబట్టి, ఆ హామీని రాతలో అడిగి తీసుకోవడం మేలు.

‘పూర్తి సిలబస్’ గురించి ఒక చిన్న లెక్క చాలు. 40 రోజుల్లో 8 గ్రాండ్ టెస్టులకు పోతే మిగిలేవి 32. రోజుకు 5 గంటలంటే 160 గంటలు. పేపర్లో సగం లెక్కలే కాబట్టి వాటికి 80 గంటలు. రెండేళ్లు చెప్పిన పాఠం 80 గంటల్లో మళ్లీ చెప్పడం ఎవరివల్లా కాదు. ఒకసారి చదివినదాన్ని తిరగేయించవచ్చు, టైము పెట్టి సాధన చేయించవచ్చు. రెండేళ్లూ పట్టించుకోని చాప్టర్‌ను మాత్రం అక్కడ కొత్తగా నేర్పలేరు.

ఇదంతా కలిపి ఆ ఊహా సంస్థ కరపత్రం రాస్తే ఇలా ఉండాలి:

‘ఈఏపీసెట్ ఇంజినీరింగ్ క్రాష్ కోర్సు. 40 రోజులు: 32 రోజుల క్లాసులు, 8 కంప్యూటర్ గ్రాండ్ టెస్టులు. ఇంటర్ పాఠాలు ఒకసారి చదివినవారికి మాత్రమే ఉపయోగం. వదిలేసే చాప్టర్ల జాబితా ఆఫీసులో ఉంది, చేరేముందు చూడండి. మూడు బ్యాచ్‌లు, ఒక్కోదానిలో 42 మంది. బ్యాచ్‌లు కలపం. ప్రతి సబ్జెక్టుకూ ఇద్దరు అధ్యాపకులు. కిందటేడు చేరినవారు 126, చివరిదాకా ఉండి పరీక్ష రాసినవారు 112, ఫలితం మాకు చెప్పినవారు 97. ఆ 97 మందిలో సరిగ్గా మధ్యలో నిలిచిన విద్యార్థికి మొదటి టెస్టులో 48, పరీక్షలో 61 మార్కులు. 21 మందికి మార్కులు పెరగలేదు. 90 దాటినవారు 9 మంది, వారిలో ఏడుగురికి మొదటి రోజే 80కి పైగా వచ్చాయి. ఫీజు 12,000. మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల డబ్బు 10 రోజుల్లో తిరిగిస్తాం.’

ఇలా రాస్తే ఎవరు చేరతారని ఒక సంస్థ యజమాని అడగవచ్చు. నిజమే, పునాది లేని పిల్లలు కొందరు చేరరు. వాళ్లు ఎలాగూ రెండో వారంలో మానేసి, డబ్బు కోసం కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లే. 21 మందికి పెరగలేదన్న వాక్యం చదివి కూడా చేరిన తండ్రి తన పిల్లవాడి పరిస్థితి ఆలోచించుకునే చేరతాడు. 90 దాటినవాళ్లు ముందే బాగా చదివినవాళ్లని ఒప్పుకుంటే, మిగతా అంకెల మీదా నమ్మకం కలుగుతుంది.

డబ్బు వాపసు అన్న చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి, హాస్టల్, మెస్ డబ్బుతో సహా 10 రోజుల్లో తిరిగివ్వాలని విద్యాశాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 12,000 కట్టిన విద్యార్థి 10 రోజులకే మానేస్తే 9,000 రావాలి. కాబట్టి డబ్బు కట్టేటప్పుడు రసీదు మీద కోర్సు పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, బ్యాచ్ సంఖ్య రాయించుకోండి. కరపత్రాన్ని రసీదుతో పాటే దాచండి, ఫ్లెక్సీని ఫోనులో ఫొటో తీసుకోండి. ప్రకటనలో చెప్పినదానికీ జరిగినదానికీ పొంతన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సీసీపీఏకు ఉంది. ఆ ఫిర్యాదుకు మీ దగ్గరున్న మొదటి సాక్ష్యం దాచిపెట్టుకున్న ఆ కరపత్రమే.