హాల్లో ఒక్క లైటు, మూడు స్విచ్‌లు

మా హాలు పొడుగ్గా ఉంటుంది. ఒక చివర వీధి గుమ్మం, నడుమ వంటింటి గుమ్మం, అవతలి చివర పడకగది. మూడు గుమ్మాల దగ్గరా హాలు లైటుకు స్విచ్ కావాలని ఇల్లు కట్టేటప్పుడే అడిగి పెట్టించుకున్నాం. గృహప్రవేశమైన మూడో రోజుకే అమ్మ లోపం పట్టేసింది. వంటింటి దగ్గరి స్విచ్ పైకి ఉంటే మిగతా రెండూ చక్కగా పనిచేస్తాయి. అది కిందికి ఉంటే ఎక్కడ నొక్కినా లైటు వెలగదు. చీకట్లో తడుముకుంటూ వంటింటి దాకా నడిచి ఆ స్విచ్ పైకి వేయాలి. ఆ నడక తప్పించడానికే గదా మూడు స్విచ్‌లు పెట్టించుకున్నది!

దాన్ని సరిచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి నేర్చుకున్నదే ఇదంతా.

మేడ మెట్లకు కింద ఒకటి, పైన ఒకటి టూ వే స్విచ్ పెట్టడం చాలా ఇళ్లలో ఉన్నదే. మామూలు స్విచ్ వెనక రెండు టెర్మినల్స్ ఉంటే టూ వేకి మూడుంటాయి. ఒకటి కామన్. స్విచ్ ఎటు వేసినా ఆ కామన్ మిగతా రెండింటిలో ఏదో ఒకదానితో కలిసే ఉంటుంది. అంటే అది కరెంటును ఆపే స్విచ్ కాదు, ఏ దారిన పోవాలో చెప్పే స్విచ్. రెండు టూ వేల మధ్య రెండు తీగలు నడుస్తాయి. వాటిని జంట తీగలు అందాం. ఈ చివరి స్విచ్ ఏ తీగను ఎంచుకుందో ఆ చివరిది కూడా దాన్నే ఎంచుకుంటే దారి కలిసి లైటు వెలుగుతుంది. చెరొకటి ఎంచుకుంటే ఆరుతుంది.

మూడో చోటు కావాలంటే మరో టూ వే తెచ్చి నడుమ పెడితే కుదరదు. అక్కడికి వచ్చే తీగలు రెండు, వెళ్లే తీగలు రెండు. కాబట్టి నాలుగు టెర్మినల్స్ ఉన్న ఇంటర్మీడియట్ స్విచ్ కావాలి. అది చేసే పని ఒక్కటే. ఒక వైపు వేస్తే వచ్చిన తీగలను తిన్నగా అవతలి తీగలకు కలుపుతుంది. రెండో వైపు వేస్తే అడ్డం మార్చి, మొదటిదాన్ని రెండోదానికీ రెండోదాన్ని మొదటిదానికీ కలుపుతుంది. దారులు తారుమారయ్యాయి గనుక వెలుగుతున్న లైటు ఆరుతుంది, ఆరినది వెలుగుతుంది. నాలుగో చోటు కావాలన్నా నడుమ ఇంకో ఇంటర్మీడియట్ చేర్చుకోవడమే. చివర్లలో మాత్రం ఎప్పుడూ టూ వేలే.

మా హాల్లో వైర్లు ఇలా నడిచాయి. ఫేజ్ వీధి గుమ్మం బోర్డులోని టూ వే కామన్‌కు వచ్చింది. దాని మిగతా రెండు టెర్మినల్స్ నుంచి జంట తీగలు వంటింటి బోర్డులోని ఇంటర్మీడియట్‌కు, అక్కడి నుంచి మరో జంట పడకగది టూ వేకు. ఆ టూ వే కామన్ నుంచి ఒకే తీగ లైటు హోల్డర్‌కు. న్యూట్రల్ ఏ స్విచ్‌లోకీ పోకుండా నేరుగా హోల్డర్‌కు వెళ్తుంది.

వైరు ఎంత పట్టిందో కూడా లెక్క వేశాం. బోర్డు నేలకు 4 అడుగుల ఎత్తులో, స్లాబు 10 అడుగుల మీద ఉంది. అంటే పైపు ప్రతి చోటా 6 అడుగులు ఎక్కి మళ్లీ 6 అడుగులు దిగాలి. వీధి గుమ్మం నుంచి వంటింటికి స్లాబులో 15 అడుగులు కలిపి 27, జంట తీగలు గనుక 54. వంటింటి నుంచి పడకగదికి 12 అడుగులతో కలిపి 24, జంటకు 48. లైటుకు పోయే ఒంటి తీగ 21. మొత్తం 123 అడుగులు. న్యూట్రల్, బోర్డుల్లో వదిలే మిగులు దీనికి అదనం. ఒక్క స్విచ్ సరిపోయే చోట పట్టే వైరు కంటే ఇది చాలా ఎక్కువ. పైపులు స్లాబు పోయకముందే వేయాలి. తర్వాత కావాలంటే గోడకు గాడి కొట్టక తప్పదు.

ఇక మా తప్పు సంగతి. ఎలక్ట్రీషియన్ ఏ బోర్డూ విప్పకముందే మూడు స్విచ్‌లూ ఒక్కొక్కటిగా వేసి చూశాడు. “ఏ స్విచ్ ఒక వైపు పెడితే మిగతావన్నీ మూగబోతాయో తప్పు అక్కడే ఉంటుంది సార్” అన్నాడు. ఇంత సులువైన పరీక్ష ఉందని నాకు తెలియదు. చివరి టూ వేలో కామన్‌కు పోవాల్సిన తీగ పక్క టెర్మినల్‌లో పడినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అక్కడి నుంచి బయల్దేరే జంట తీగల్లో ఒకటి తెగినా ఇంతే. కాబట్టి ఆ స్విచ్‌తో పాటు దాని తీగలూ చూడాలి.

ఎంసీబీ ఆపి, టెస్టర్‌తో సరిచూసుకుని వంటింటి బోర్డు విప్పాడు. ఇంటర్మీడియట్ వెనక నాలుగు ఇత్తడి స్క్రూలు. వచ్చిన జంట ఎడమ పక్కన, వెళ్లే జంట కుడి పక్కన బిగించి ఉన్నాయి. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంది, తప్పూ అదే. ఆ స్విచ్‌లో జంటలు పైనా కిందా ఉన్నాయి, పక్కపక్కన కాదు. కంపెనీని బట్టి ఈ అమరిక మారుతుంది. అందుకే స్విచ్ కిందికి వేయగానే వచ్చిన రెండు తీగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి అవతలికి దారే లేకుండా పోయింది.

అతను తీగలు విప్పి, స్విచ్‌ను చేతిలోకి తీసుకుని, మల్టీమీటర్‌ను బీప్ శబ్దం మీద పెట్టాడు. ఒక మొనను ఒక స్క్రూ మీద ఉంచి, రెండో మొనతో మిగతా మూడింటినీ తాకాడు. ఒకచోట బీప్ అంది. స్విచ్ మార్చి మళ్లీ తాకితే ఇంకోచోట అంది. ఎటు వేసినా పలకని స్క్రూ ఒకటి మిగిలింది. మొదటి స్క్రూకు జంట అదే. వచ్చే తీగలు ఆ రెండింటికి, వెళ్లే తీగలు మిగిలిన రెండింటికి. జంటలోని రెండింటిలో ఏది ఎటు బిగించినా ఫరవాలేదు. టూ వేలో కామన్ పట్టడం ఇంకా తేలిక. స్విచ్ మార్చినప్పుడల్లా ఒక్కోదానితో చొప్పున మిగతా రెండింటితోనూ పలికేదే కామన్. అంతా బిగించాక మూడు స్విచ్‌లు నిలబడగల ఎనిమిది తీరుల్లోనూ వేసి చూపించాడు. నాలుగింట్లో లైటు వెలగాలి, నాలుగింట్లో ఆరాలి. అలాగే జరిగింది.

ఇలాంటి వైరింగ్‌లో పైకి అంటే ఆఫ్, కిందికి అంటే ఆన్ అన్న గుర్తు ఉండదు. లైటు ఆరి ఉన్నా జంట తీగల్లో ఒకదానిలో కరెంటు ఉండనే ఉంటుంది. కాబట్టి స్విచ్ ఆపాం కదా అని నడుమ బోర్డులో చెయ్యి పెట్టకూడదు. బల్బు మార్చాలన్నా ఎంసీబీ ఆపాల్సిందే. ఫేజ్ ఒక సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ దగ్గర్లో ఉంది కదా అని మరో సర్క్యూట్ నుంచి లాగడం కూడా తప్పు. అవి వేర్వేరు ఆర్‌సీసీబీల కింద ఉంటే లైటు వేసినప్పుడల్లా అవి పడిపోతాయి.

తప్పు సరిదిద్దిన రాత్రి ఇంకొకటి కనిపించింది. ఆర్పిన ఎల్‌ఈడీ బల్బు చీకట్లో మసక మసగ్గా మెరుస్తోంది. అడిగితే వైరింగ్ తప్పు కాదన్నాడు. జంట తీగలు ఒకే పైపులో దూరం పక్కపక్కనే నడుస్తాయి గనుక కరెంటున్న తీగ నుంచి పక్క తీగలోకి రవ్వంత చేరుతుంది. పాత ఫిలమెంట్ బల్బుకు అది ఏ మూలకూ చాలదు గనుక కనిపించేది కాదు, ఎల్‌ఈడీకి ఆ కాస్తే సరిపోతుంది. ముందు వేరే రకం బల్బు పెట్టి చూడమని, అప్పటికీ మెరిస్తే హోల్డర్ దగ్గర ఇందుకు తగిన కెపాసిటర్ బిగిస్తానని చెప్పాడు. బల్బు మార్చాం, మెరుపు పోయింది.