నాలుగు అంకెల సాక్ష్యం

2007 నుంచి 2021 ఆరంభం వరకు తయారైన లూయీ విట్టాన్ బ్యాగుల్లో చాలావాటి లోపల రెండు అక్షరాలు, నాలుగు అంకెలు ఉంటాయి. ఒకటో, మూడో అంకెలు కలిపితే వారం; రెండు, నాలుగు కలిపితే సంవత్సరం. 4139 అంటే 2019లో 43వ వారం. అమ్మే వ్యక్తి 2016లో కొన్నానంటే ఆ మాట అక్కడే తేలిపోతుంది. 6139 అయితే 63వ వారం, అంటే లేని వారం!

అయితే నకిలీల్లోనూ సరైన అంకెలే ఉండొచ్చు. అందుకే రంగు పూయని తోలు పట్టీలను కూడా పరిశీలించాలి. వాడేకొద్దీ అవి తేనెరంగుకు తిరుగుతాయి. ఏళ్లపాటు వాడిన బ్యాగుకు తెల్లటి పట్టీలుంటే, వాటిని మార్పించిన రసీదు అడగాలి. 2021 మార్చి నుంచి అంకెలకు బదులు చిప్ వచ్చింది. ఆ తర్వాతి బ్యాగుకు అసలు బిల్లు, నిపుణుల పరీక్ష అయ్యాకే డబ్బు చెల్లించడం మేలు.