జలుబు తగ్గాక ముఖం నొప్పి: రోజులు లెక్కపెట్టాలి

బుగ్గల వెనక, కనుబొమల పైన, కళ్ల మధ్య ఎముకల్లో గాలి నిండిన గదులుంటాయి. ఇవే సైనస్‌లు. సన్నని దారుల గుండా ముక్కులోకి తెరుచుకుంటాయి. జలుబు చేస్తే ముక్కు లోపలి పొరతో పాటు ఈ దారులూ వాచి, లోపల ఊరే చీమిడి బయటికి రాలేక నిలిచిపోతుంది. ముక్కు దిబ్బడేసి, ముఖం బరువెక్కి, వంగితే బుగ్గలు సలుపుతాయి. మామూలు వైరస్ జలుబులోనూ ఇదంతా జరుగుతుంది. బాక్టీరియా సైనసైటిస్‌గా ముదిరే జలుబులు పెద్దల్లో నూటికి రెండుకు మించవు.

చీమిడి ఆకుపచ్చగా మారగానే యాంటీబయాటిక్ కొనేవాళ్లు చాలామంది. ఆ రంగు వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాల నుంచి కూడా వస్తుంది కనుక దాన్నిబట్టి బాక్టీరియా ఉందని చెప్పలేం. తొలిరోజుల్లో ఎక్స్‌రే తీసినా తేడా తెలియదు.

తేడా తెలిసేది రోజుల లెక్కలోనే. సోమవారం జలుబు మొదలైన మనిషిని తీసుకుందాం. బుధ, గురువారాల్లో బాధ బాగా పెరిగి, ఆపైన మెల్లగా తగ్గుతూ వస్తే అది వైరస్ జలుబే. పూర్తిగా పోకపోయినా తగ్గుతోందా లేదా అన్నదే చూడాలి. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే బాక్టీరియాను అనుమానించాలి. అదే మనిషికి శనివారానికి తేలికపడి, మంగళవారం మళ్లీ జ్వరం వచ్చి, ఒక బుగ్గలోనూ పైపళ్లలోనూ నొప్పి మొదలైతే అనుమానం ఇంకా బలపడుతుంది. మొదటినుంచే 102 డిగ్రీల జ్వరం, చిక్కటి చీమిడి మూడు నాలుగు రోజులు విడవకపోయినా అంతే. ఈ మూడింటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అప్పటిదాకా నొప్పికి పారాసెటమాల్, కాచి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం సరిపోతాయి. దిబ్బడ తగ్గించే చుక్కల మందు మాత్రం నాలుగైదు రోజులకు మించి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది. బాక్టీరియా అని తేలినా బాధ తీవ్రంగా లేకపోతే, మళ్లీ చూపించుకునే వీలుంటే, డాక్టరు యాంటీబయాటిక్ ఇవ్వకుండా వారం రోజులు ఆగి చూడవచ్చు. మందు మొదలుపెడితే మూడు నుంచి ఐదు రోజుల్లో గుణం కనిపించాలి. కనిపించకపోయినా, మధ్యలో ముదిరినా మళ్లీ చూపించుకోవాలి. పన్నెండు వారాలు దాటినా వదలకపోతే అది దీర్ఘకాలిక సైనసైటిస్ కావచ్చు. ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోపల పరీక్షించి చూడాలి.

కొన్నిటికి ఈ లెక్క వర్తించదు. కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం, వస్తువులు రెండుగా కనిపించడం, నుదుటిపై వాపు, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మగత ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు అదుపులో లేనివారికి బుగ్గ మొద్దుబారినా, ముక్కులోంచి నల్లని చెక్కులు వచ్చినా మ్యూకర్‌మైకోసిస్ అనే ఫంగస్ కావచ్చు. 2021లో కోవిడ్ రెండో దశ వెంట మనదేశంలో విపరీతంగా కనిపించిన జబ్బు ఇదే. దీనికి ఒక్క రోజు ఆలస్యమైనా కన్ను పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.