తగ్గింది టన్ను లెక్కా, మొత్తం పొగా?

మార్కెట్ విలువలో తొలి 1000 నమోదిత కంపెనీలు 2022-23 నుంచి సెబీ నమూనాలో సుస్థిరత నివేదిక ఇవ్వాలి. అందులో ముందు వెతకాల్సింది మొత్తం ఉద్గారాల అంకె. ఒక సిమెంటు కంపెనీ టన్నుకు 600 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను 540కి తగ్గించి, ‘టన్నుకు 10 శాతం కోత’ అని ప్రకటించిందనుకుందాం. లెక్క నిజమే. కానీ ఉత్పత్తి కోటి టన్నుల నుంచి 1.3 కోట్లకు పెరిగితే, గాలిలో కలిసేది 60 లక్షల టన్నుల నుంచి 70.2 లక్షలకు చేరుతుంది. ఒక్క అబద్ధమూ ఆడకుండా పాఠకుణ్ని తప్పుదోవ పట్టించే ఈ పద్ధతే గ్రీన్‌వాషింగ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరం.

తర్వాత లెక్క హద్దు చూడాలి. సొంత బట్టీల పొగ, కొన్న కరెంటు వెనకున్న ఉద్గారాలు చెప్పడం తప్పనిసరి. సరఫరాదారులవి, రవాణావి ఐచ్ఛికం. ఏ ఏడాదితో పోల్చారో, బయటి సంస్థ ఏ అంకెలను తనిఖీ చేసిందో రాయకపోతే ఆ శాతాన్ని నమ్మడానికి ఆధారం లేనట్టే.