క్లాక్ టిక్కుకీ టిక్కుకీ మధ్య టైమ్‌ని ఎలా కొలుస్తారు? స్పీడ్ గన్ వెనక పికో సెకన్ల లెక్క

హైదరాబాద్ రోడ్ల మీద లేజర్ స్పీడ్ గన్ పట్టుకుని నిలబడ్డ ట్రాఫిక్ పోలీసులను చూసే ఉంటారు. ఆ గన్ నిజానికి స్పీడ్‌ని కొలవదు. అది కొలిచేది టైమ్. లేజర్ వెలుగు కారు దాకా వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, దాని నుంచి దూరం లెక్కేస్తుంది. కాసేపటికి మళ్లీ కొలుస్తుంది. రెండు దూరాల తేడా నుంచి స్పీడ్ వస్తుంది.

వెలుగు ఒక నానో సెకనులో, అంటే సెకనులో వంద కోట్లో వంతులో, సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. వెళ్లి రావాలి కాబట్టి ఒక నానో సెకను అంటే 15 సెంటీమీటర్ల దూరం అన్నమాట. ఇప్పుడు 250 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో నడిచే ఒక సర్క్యూట్ అనుకుందాం. అది 4 నానో సెకన్లకు ఒకసారి టిక్ అంటుంది. టిక్కులు మాత్రమే లెక్కపెడితే, ఒక్క టిక్ అటూ ఇటూ అయినా దూరం 60 సెంటీమీటర్లు తేడా వస్తుంది.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. గంటకు 90 కిలోమీటర్ల స్పీడుతో వచ్చే కారు 0.3 సెకనులో 7.5 మీటర్లు కదులుతుంది. అక్కడ 60 సెంటీమీటర్లు ఎక్కువ పడితే 8.1 మీటర్లు అవుతుంది, స్పీడ్ 97 అని వస్తుంది. లిమిట్ 90 అయితే అనవసరంగా చలాన్ పడ్డట్టే. గన్ ఆ కాస్త టైమ్‌లోనే చాలా పల్సులు పంపి సగటు తీస్తుంది, అది వేరే సంగతి. కానీ ఒక్కో కొలత ఇంత మొరటుగా ఉంటే సగటు మీదే భారం వేయలేం కదా.

క్లాక్ స్పీడ్ పెంచితే సరిపోదా అనిపిస్తుంది. 20 పికో సెకన్ల తేడా పట్టుకోవాలంటే 50 గిగాహెర్ట్జ్ క్లాక్ కావాలి. (నానో సెకనులో వెయ్యో వంతు ఒక పికో సెకను.) మామూలు చిప్ మీద అలాంటి కౌంటర్ నడవదు. అందుకే ఇంజనీర్లు వేరే దారి పట్టారు.

ఒక పొడవైన గల్లీ అనుకోండి. వరుసగా షాపులు. ఒక కుర్రాడు ఈ చివర నుంచి ఒకే వేగంతో పరిగెడుతూ, దాటిన ప్రతి షాపులో లైటు వేసుకుంటూ పోతాడు. ఒక క్షణంలో పై నుంచి ఫొటో తీస్తే, ఎన్ని లైట్లు వెలిగాయో చూసి కుర్రాడు బయలుదేరి ఎంతసేపయిందో చెప్పొచ్చు. ట్యాప్డ్ డిలే లైన్ అంటే ఇదే. గల్లీ అంటే చిప్‌లో వరుసగా కట్టిన చిన్న చిన్న గేట్లు. ఒక్కోటి సిగ్నల్‌ని కొన్ని పికో సెకన్లు ఆలస్యం చేస్తుంది. ప్రతి గేటు దగ్గర ఒక ట్యాప్, ఆ ట్యాప్‌కి ఒక ఫ్లిప్-ఫ్లాప్. క్లాక్ టిక్ రాగానే ఫ్లిప్-ఫ్లాపులన్నీ ఒకేసారి తమ ముందున్న 0 లేదా 1 ని పట్టేసుకుంటాయి. అదే మన ఫొటో. ఎఫ్‌పీజీఏ చిప్పుల్లో ఈ లైన్ కోసం కూడికలు చేసే క్యారీ చైన్‌ని వాడుకుంటారు. చిప్ మొత్తంలో వేగంగా, వరుసగా ఉండే దారి అదే.

మన సర్క్యూట్‌లో ఒక్కో గేటు సగటున 20 పికో సెకన్లు తీసుకుంటే, ఒక టిక్ కాలానికి 200 ట్యాపులు కావాలి. ఒక కొలత చేసి చూద్దాం. లేజర్ బయలుదేరింది. తర్వాతి టిక్కుకి 130 ఫ్లిప్-ఫ్లాపుల్లో 1 ఉంది. అంటే ఆ టిక్కుకి 2.60 నానో సెకన్ల ముందు బయలుదేరిందని అర్థం. వెలుగు తిరిగొచ్చాక వచ్చిన టిక్కుకి 45 ఫ్లిప్-ఫ్లాపుల్లో 1 ఉంది. అంటే 0.90 నానో సెకన్ల ముందు వచ్చింది. ఈ రెండు టిక్కుల మధ్య కౌంటర్ 16 టిక్కులు లెక్కపెట్టింది.

(16 × 4) + 2.60 − 0.90 = 65.70 నానో సెకన్లు

దూరం సుమారు 9.85 మీటర్లు. వట్టి కౌంటర్ మాత్రమే ఉంటే 64 నానో సెకన్లు, 9.6 మీటర్లు అని చెప్పేది. ఇప్పుడు ఒక్క ట్యాప్ తేడా అంటే 3 మిల్లీమీటర్లే.

కాగితం మీద ఇంత వీజీ. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. గల్లీలో షాపులన్నీ ఒకే వెడల్పు ఉండవు. చిప్‌లో గేట్లు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపు నుంచి పక్క గుంపుకి దాటే చోట సిగ్నల్‌కి ఎక్కువ టైమ్ పడుతుంది. గుంపు లోపల కొన్ని ట్యాపులకైతే దాదాపు ఏమీ పట్టదు. కాబట్టి 130 ని 20 తో గుణించి ఊరుకోవడం కుదరదు. ఏ ట్యాప్ ఎంతో కొలుచుకోవాలి.

ఆ కొలిచే పద్ధతి చాలా తెలివైనది, స్కోపు కూడా అక్కర్లేదు. క్లాక్‌తో ఏ సంబంధం లేని పల్సులను లక్ష పంపిస్తారు. అవి 4,000 పికో సెకన్ల మీద సమానంగా చెదిరి పడతాయి. వెడల్పు ట్యాప్‌లో ఎక్కువ, ఇరుకు ట్యాప్‌లో తక్కువ. వాన పడుతుంటే పెద్ద గిన్నెలో ఎక్కువ నీళ్లు చేరినట్టు. 20 పికో సెకన్ల ట్యాప్‌లో 500 పడాలి. ఎక్కడైనా 1,100 పడితే అది 44 పికో సెకన్లు. 100 పడితే 4. ఇలా పట్టిక తయారుచేసి, ఒక్కో కోడ్‌కి దాని ముందున్న వెడల్పులన్నీ కూడి, దాని సొంత వెడల్పులో సగం కలిపి అసలు టైమ్ రాసుకుంటారు. పట్టిక వల్ల లెక్క సరవుతుంది కానీ, 44 పికో సెకన్ల ట్యాప్ మాత్రం సన్నబడదు. దానికి 2008 లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో జిన్‌యువాన్ వూ బృందం ఒక ఉపాయం చూపించింది: లైన్‌లోకి ఒక అంచుకు బదులు చాలా అంచులున్న తరంగాన్ని పంపడం. ఒక అంచు వెడల్పు ట్యాప్‌లో చిక్కుకున్నా ఇంకొకటి ఇరుకు దాంట్లో ఉంటుంది.

చిప్ వేడెక్కితే గేట్లు నెమ్మదిస్తాయి. 200 ట్యాపులు పట్టే కాలం 194 కే అయిపోతే, ఒక్కోటి 20.6 పికో సెకన్లకు పెరిగిందని అర్థం. పాత పట్టికనే నమ్ముకుంటే మన కొలతలో 51 పికో సెకన్లు, అంటే ముప్పావు సెంటీమీటరు తేడా వస్తుంది. గుర్తుపట్టడం సులభం: ఎప్పుడూ కనబడే అతి పెద్ద కోడ్ ఎంతుందో చూస్తుంటే చాలు. అది తగ్గితే పట్టిక మళ్లీ వేయాలి.

ఫ్లిప్-ఫ్లాపుల్లోని వరుస కూడా ఎప్పుడూ శుభ్రంగా ఉండదు. 1111000 రావాల్సిన చోట 1110100 వస్తుంది. క్లాక్ అన్నిటికీ సరిగ్గా ఒకే క్షణంలో చేరకపోవడమే కారణం. మొదటి 0 ఎక్కడుందని వెతికితే మోసపోతారు. మొత్తం 1 లు ఎన్నో లెక్కపెడితే రెండింటికీ 4 అనే వస్తుంది.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు సన్నటి ట్యాపుల్లో ఉండదు, మొరటు కౌంటర్‌లో ఉంటుంది. పల్స్ సరిగ్గా టిక్ దగ్గర వస్తే, కౌంటర్ అంకె మారుతుండగా చదివేస్తాం. 16 బదులు 17 వస్తుంది. మళ్లీ అదే 60 సెంటీమీటర్లు! ఇది ఉందో లేదో తెలియాలంటే కదలని గోడకు గురిపెట్టి పదివేల సార్లు కొలిచి, వచ్చిన టైమ్‌లను కుప్పలుగా పోసి చూడాలి. పెద్ద కుప్పకి సరిగ్గా 4 నానో సెకన్ల దూరంలో చిన్న కుప్ప కనబడితే దొంగ దొరికినట్టే. అప్పుడు రెండు కౌంటర్లు పెడతారు. ఒకటి క్లాక్ పైకి లేచేటప్పుడు మారుతుంది, రెండోది కిందికి దిగేటప్పుడు. పల్స్ టిక్కుకి ఎంత దగ్గరగా వచ్చిందో ట్యాపులు ఎలాగూ చెబుతాయి కాబట్టి, ఆ క్షణంలో మారకుండా నిలకడగా ఉన్న కౌంటర్‌నే తీసుకుంటారు. గోడ టెస్టు మళ్లీ చేస్తే ఆ చిన్న కుప్ప ఉండదు.