సిన్స్ ఎక్కడ? ఫర్ ఎక్కడ?



స్కాలర్‌షిప్ దరఖాస్తులతో జతచేసే ఇంగ్లీషు లేఖల్లో నాకు తరచుగా కనిపించే వాక్యం ఇది: "ఐ యామ్ స్టడీయింగ్ ఇన్ నంగలి సిన్స్ త్రీ ఇయర్స్." ఇందులో తప్పులు రెండు. రెండూ మన మాతృభాష అలవాటు వల్ల వచ్చినవే.

మన తెలుగులో "2022 నుంచి" అన్నా, "మూడేళ్ళ నుంచి" అన్నా "నుంచి" ఒక్కటే. మన బడుల్లో చదివే కన్నడంలోనూ అంతే, రెండింటికీ "ఇంద" సరిపోతుంది. ఇంగ్లీషు మాత్రం వాటిని విడదీస్తుంది. మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్.

నంగలి బస్టాండులో ఒకరు "మూడు గంటల నుంచి ఎదురు చూస్తున్నాను" అన్నారనుకోండి. మూడింటికి వచ్చారా, వచ్చి మూడు గంటలైందా? తెలుగులో రెండు అర్థాలూ వస్తాయి. ఇంగ్లీషులో మొదటిది "సిన్స్ త్రీ ఓ క్లాక్", రెండవది "ఫర్ త్రీ అవర్స్". కాబట్టి అంకెను చూసి నిర్ణయించకండి. "ఎప్పుడు మొదలైంది?" అన్న ప్రశ్నకు జవాబైతే సిన్స్ రాయండి. "ఎంతకాలం?" అన్నదానికి జవాబైతే ఫర్ రాయండి.

ఇక రెండవ తప్పు క్రియలో ఉంది. తెలుగులో "చదువుతున్నాను" అంటే చాలు గనుక "యామ్ స్టడీయింగ్" అని రాసేస్తాము. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషులో "హావ్ బీన్ స్టడీయింగ్" అని ఉండాలి. సరైన వాక్యం: "ఐ హావ్ బీన్ స్టడీయింగ్ ఇన్ నంగలి ఫర్ త్రీ ఇయర్స్." సంవత్సరం చెప్పదలిస్తే చివర "సిన్స్ 2022". నో, బీ వంటి క్రియలకు ఐఎన్‌జీ చేర్చము: "ఐ హావ్ నోన్ హిమ్ సిన్స్ 2022."

ఫర్ ఉన్నచోటల్లా హావ్, హాజ్ రావు. పని ముగిసిపోయి ఉంటే మామూలు భూతకాలమే రాయాలి. ఒక విద్యార్థి తన లేఖలో "మై గ్రాండ్‌ఫాదర్ హాజ్ వర్క్‌డ్ ఇన్ ది కేజీఎఫ్ మైన్స్ ఫర్ ట్వెంటీ ఇయర్స్" అని రాశాడు. చదివినవారికి తాతగారు నేటికీ ఉద్యోగంలో ఉన్నారనీ, ఇంటికి జీతం వస్తోందనీ అనిపిస్తుంది. కాని కోలారు బంగారు గనులు 2001లోనే మూతపడ్డాయి. హాజ్ తీసేసి "వర్క్‌డ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్" అంటే నిజం సరిగ్గా తెలుస్తుంది. ఆ కుటుంబ ఆదాయం గురించిన అపోహ ఆ ఒక్క మాటతో తొలగిపోయింది.

అదే గనుల గురించి రెండు విధాలుగా చెప్పవచ్చు. మూసిన సంఘటనకు "ది మైన్స్ క్లోజ్డ్ ఇన్ 2001." ఆనాటి నుంచి నేటివరకు ఉన్న స్థితికి "ది మైన్స్ హావ్ బీన్ క్లోజ్డ్ సిన్స్ 2001." "వర్ క్లోజ్డ్ సిన్స్ 2001" అనడం తప్పు.

దరఖాస్తు పంపే ముందు సిన్స్, ఫర్ ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. మొదలా, వ్యవధా అని చూడండి. ఆ పని ఇంకా సాగుతోందా, ముగిసిందా అని ఇంట్లో పెద్దలను అడిగి క్రియను సరిచేయండి.